5.3.11: మార్చి ఐదా, మే మూడా?

హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, కోల్‌కతాకు ఎదురుగా ఉన్న శిబ్‌పుర్ వృక్షోద్యానం అనగానే అందరికీ అక్కడి మహా మర్రిచెట్టు గుర్తొస్తుంది. అదే తోటలో సెంట్రల్ నేషనల్ హెర్బేరియం ఉంది. బీరువాల వరసల్లో సుమారు 20 లక్షల ఎండు మొక్కలు, ఒక్కొక్కటీ ఒక్కో దళసరి కాగితానికి అతికించి ఉంటాయి. 1787లో రాబర్ట్ కిడ్ ఈ తోటకు పునాది వేశాడు. 1793లో దాని బాధ్యత తీసుకోవడానికి వచ్చిన విలియం రాక్స్‌బర్గ్ మన సామర్లకోట నుంచే వెళ్లాడు. గోదావరి తీరంలో పదేళ్లకు పైగా మొక్కలు పరిశీలించి, వాటి తెలుగు పేర్లు రాసుకుని, ఇక్కడి చిత్రకారులచేత బొమ్మలు వేయించిన మనిషి ఆయన. 1890లో బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియా ఏర్పడ్డాక ఈ ఎండు మొక్కల కొట్టుకు దేశం మొత్తం నుంచి పత్రాలు చేరాయి.

ప్రతి పత్రం కింది మూలన ఒక లేబుల్ ఉంటుంది. మొక్క పేరు, దొరికిన చోటు, సేకరించిన మనిషి పేరు, ఆయన వేసుకున్న వరస సంఖ్య, తేదీ. ఈ పత్రాలకు ఫొటోలు తీసి, లేబుల్ మీది వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని కొన్నేళ్లుగా నడుస్తోంది. ఇండియన్ వర్చువల్ హెర్బేరియం పేరుతో లక్షకు పైగా పత్రాలు ఇప్పటికే ఎవరైనా చూడగలిగేలా ఉన్నాయి. ఆ ఎక్కించే పనిలో మొక్క పేరు కన్నా, ఊరి పేరు కన్నా, చిన్నదిగా కనిపించే తేదీ దగ్గరే ఎక్కువ పొరపాట్లకు చోటుంది. లేబుల్ మీద సిరాతో 5.3.11 అని ఉంది. అది మార్చి ఐదో తేదీయా, మే మూడో తేదీయా? 11 అంటే 1911 అనీ, 1811 కాదనీ ఎలా తెలుసు?

బ్రిటిష్ వాళ్లు, వాళ్లను చూసి మనమూ, రోజు ముందు రాసి నెల తర్వాత రాస్తాం. అమెరికన్లు నెల ముందు రాస్తారు. కోల్‌కతాలో దాచిన పత్రాలన్నీ బ్రిటిష్ చేతివి కావు. ఒక హెర్బేరియం తన దగ్గర మిగులు నకళ్లను మరో దేశపు హెర్బేరియానికి ఇచ్చి, వాళ్ల మిగుళ్లు తెచ్చుకోవడం ఎప్పటినుంచో ఉన్న ఆచారం. అందువల్ల ఒకే బీరువాలో, ఒకే జాతి కట్టలో, రెండు క్రమాలూ పక్కపక్కనే ఉండవచ్చు. లేబుల్ మీద ఏ క్రమమో ఎవరూ రాయలేదు. రాసినవాళ్లకు సందేహం లేదు కాబట్టి రాయాల్సిన అవసరం కనిపించలేదు.

తేడా ఎంతో ముందు చూద్దాం. మార్చి 5కు, మే 3కు మధ్య 59 రోజులు. ఇది పెద్ద తేడాయా? అమెరికాలో బాస్టన్‌లోని ఆర్నాల్డ్ ఆర్బొరేటంలో రిచర్డ్ ప్రిమాక్, ఆయన తోటి పరిశోధకులు 2004లో ఒక అధ్యయనం ప్రచురించారు. పాత హెర్బేరియం పత్రాల్లో పూలు ఏ తేదీన ఉన్నాయో చూసి, అదే తోటలోని అవే మొక్కలు ఇప్పుడు ఎప్పుడు పూస్తున్నాయో పోల్చారు. ఇరవయ్యో శతాబ్దపు తొలి రెండు దశాబ్దాలతో పోలిస్తే 1980 తర్వాతి కాలంలో పూత సగటున ఎనిమిది రోజులు ముందుకు జరిగిందని తేలింది. వాతావరణం వేడెక్కుతోందనడానికి ఎండు మొక్కలు చెప్పే సాక్ష్యం ఆ ఎనిమిది రోజులే. ఇప్పుడు ఒక జాతికి మన దగ్గర ఏడు పత్రాలుంటే, వాటిలో ఒక్కదాని తేదీ మార్చి 5 బదులు మే 3గా కంప్యూటర్‌లోకి వెళ్తే, సగటు ఎనిమిది రోజులకు పైగా జరిగిపోతుంది. అంటే ఆ ఒక్క లేబుల్‌తోనే లేని మార్పు పుట్టవచ్చు, ఉన్న మార్పు మాయం కావచ్చు.

ఇక సందేహం నిజంగా ఎన్ని తేదీల్లో ఉంటుంది? ఏడాదికి 365 రోజులు. రోజు సంఖ్య 12 దాటితే సందేహం లేదు, ఎందుకంటే పదమూడో నెల లేదు. 28.2.11 అని ఉంటే అది ఫిబ్రవరి 28 తప్ప మరొకటి కాజాలదు. రోజు 12 లోపు ఉన్న తేదీలు ఏడాదికి 144. వాటిలో 4.4, 7.7 లాంటివి పన్నెండు; ఎటు చదివినా అవే. మిగిలిన 132 తేదీలే నిజంగా అనుమానం పెట్టేవి. అంటే వందకు ముప్పై ఆరు. మిగతా వాటిలో 221 తేదీలు, అంటే వందకు అరవై, తాము ఏ క్రమంలో ఉన్నాయో తామే చెప్పేస్తాయి.

సమస్యకు తాళం చెవి ఆ అరవైలో ఉంది. ఒంటరిగా నిలబడ్డ 5.3.11 ఏమీ చెప్పదు, ఎంతసేపు చూసినా చెప్పదు. కాని ఆ లేబుల్ రాసిన మనిషే మరో లేబుల్ మీద 17.3.11 అని రాసి ఉంటే, ఆయన రోజు ముందు రాసే మనిషి అని తెలుస్తుంది. మనుషులు తేదీ రాసే తీరును లేబుల్ లేబుల్‌కూ మార్చరు. చిన్నప్పుడు చేతికి అలవాటైన తీరు జీవితాంతం ఉంటుంది. కాబట్టి మనం అడగాల్సింది ఈ తేదీ ఏమిటని కాదు, ఈ చెయ్యి ఎవరిదని. తేదీలను ఒక్కొక్కటిగా కాక కట్టగా తీసుకుని తేల్చాలి.

కట్ట ఎంత పెద్దదై ఉండాలి? ఒక లేబుల్ తన క్రమాన్ని బయటపెట్టే అవకాశం వందకు అరవై అనుకుంటే, పెట్టకపోయే అవకాశం నలభైకి కాస్త తక్కువ. ఐదు లేబుళ్లలో ఒక్కటి కూడా బయటపెట్టకపోవడం సుమారు నూటికి ఒకసారి జరుగుతుంది. పది లేబుళ్లుంటే అది దాదాపు పదకొండు వేలకు ఒకసారి. పది చాలునన్న మాట. కాని ఈ లెక్కలో ఒక నమ్మకం దాగి ఉంది: లేబుళ్ల తేదీలు ఒకదానికొకటి సంబంధం లేకుండా ఏడాదంతా చెదిరి ఉన్నాయని. మొక్కలు సేకరించేవాళ్లు అలా తిరగరు. ఒక నెల మొదటి వారంలో అడవికి వెళ్లి, ఐదారు రోజుల్లో వంద మొక్కలు కోసుకుని తిరిగొస్తారు. అలాంటి వంద లేబుళ్లన్నీ 2 నుంచి 7 లోపు తేదీలతో ఉంటే వందా కలిసి కూడా ఏమీ చెప్పవు. అందుకని లేబుళ్లను కాక ప్రయాణాలను లెక్కపెట్టాలి. వేర్వేరు ప్రయాణాల నుంచి వచ్చిన పది తేదీలు కావాలి.

లెక్క ఎలా నడుస్తుందో చూడటానికి ఒక కట్టను నేను అల్లుతున్నాను. అందులో ఒకే సేకర్త పేరున్న అరవై పత్రాలున్నాయి. వాటిలో 37 లేబుళ్ల మీద మొదటి సంఖ్య 12 దాటింది. రెండింటిలో రెండు సంఖ్యలూ ఒకటే. మిగిలిన 21 సందేహంలో ఉన్నాయి. రెండో సంఖ్య 12 దాటిన లేబుల్ ఒక్కటీ లేదు. 37కు సున్నా అన్న ఈ సాక్ష్యం బలమైనది. ఈయన రోజు ముందు రాశాడని 21కీ అదే క్రమం వేసేయవచ్చు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఆగకూడదు. సాక్ష్యం కట్ట మొత్తానికి సంబంధించినది. కట్టలో పరాయి లేబుల్ ఒకటి దూరి ఉంటే అది ఈ లెక్కకు కనపడదు.

రెండో సాక్షి సేకరణ సంఖ్య. సేకర్త తాను కోసిన ప్రతి మొక్కకూ వరసగా ఒక అంకె వేస్తాడు. అంకె పెరిగితే తేదీ కూడా ముందుకు వెళ్లాలి, వెనక్కి రాకూడదు. మన కట్టలోని కొన్ని లేబుళ్లను అంకెల వరసలో పేర్చుదాం.

```
411   27.2.11
413   5.3.11
418   9.3.11
424   17.3.11
426   3.4.11
431   21.3.11
437   2.4.11
440   4.11.11
443   13.4.11
```

413ను మార్చి 5 అనుకుంటే ఫిబ్రవరి 27కు, మార్చి 17కు మధ్య చక్కగా కూర్చుంటుంది. మే 3 అనుకుంటే వరస చెడుతుంది. 418కీ అంతే: మార్చి 9 కుదురుతుంది, సెప్టెంబరు 3 కుదరదు. ఈ రెండూ కట్ట చెప్పిన క్రమంతో ఏకీభవించాయి. ఇలా రెండు సాక్ష్యాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఒకే మాట చెప్పినప్పుడు ధైర్యంగా రాసుకోవచ్చు.

426 దగ్గర చిక్కొచ్చింది. దాని ముందు మార్చి 17, తర్వాత మార్చి 21 ఉన్నాయి. 3.4.11ను ఏప్రిల్ 3 అనుకుంటే ముందుకు దూకింది, మార్చి 4 అనుకుంటే వెనక్కి పోయింది. రెండు విధాలా కుదరలేదు. రెండూ కుదరనప్పుడు తప్పు క్రమంలో లేదని అర్థం. అంకెను తప్పుగా చదివి ఉండాలి, లేదా అది అసలు సేకరించిన తేదీ కాకపోయి ఉండాలి. పత్రం ఫొటో తెరిచి చూస్తే తరచు కనిపించేది ఇది: పత్రం మీద ఒకటికి మించి చీటీలున్నాయి. మొక్కను తర్వాత ఎప్పుడో మరొకరు పరిశీలించి, దాని పేరు సరిచేసి, తన సంతకంతో ఒక చిన్న చీటీ అతికించి తేదీ వేశారు. ఎక్కించినవారు ఆ తేదీ తీసుకున్నారు. పత్రం హెర్బేరియానికి చేరిన రోజున వేసిన ముద్రలోని తేదీ కూడా ఇలాగే దారి తప్పిస్తుంది.

440 కథ వేరు. ముందు ఏప్రిల్ 2, తర్వాత ఏప్రిల్ 13. కట్ట చెప్పిన క్రమంలో చదివితే 4.11.11 నవంబరు 4 అవుతుంది. వరసలో అది ఎక్కడా కుదరదు. తిరగేసి చదివితే ఏప్రిల్ 11, సరిగ్గా కుదురుతుంది. అరవై లేబుళ్లలో ఇదొక్కటే ఎందుకు తిరగబడింది? ఫొటోలో సమాధానం ఉంటుంది. మిగతా లేబుళ్లన్నీ సిరాతో రాసినవి, ఇది టైపు చేసినది. సేకర్త ఈయనే, మొక్క ఈయన కోసిందే. కాని దాని నకలు ఒకటి అమెరికాకు వెళ్లి, అక్కడి గుమాస్తా తన అలవాటు ప్రకారం కొత్త లేబుల్ టైపు చేశాక, మార్పిడిలో తిరిగొచ్చింది. తేదీ క్రమం మొక్క కోసినవాడిది కాదు, లేబుల్ రాసినవాడిది. కట్టలు కట్టేటప్పుడు సేకర్త పేరుతో విడగొడితే సరిపోదని, లేబుల్ అచ్చు, చేతిరాత, పంపిన సంస్థ చూసి విడగొట్టాలని ఈ ఒక్క పత్రం చెబుతుంది. ఒకే కట్టలో మొదటి సంఖ్య 12 దాటినవీ, రెండో సంఖ్య 12 దాటినవీ రెండూ కనిపిస్తే అప్పుడు ఓట్లు లెక్కపెట్టి ఎక్కువ వచ్చినదాన్ని గెలిపించడం తప్పు. కట్టలో రెండు చేతులున్నాయని గుర్తించి, దాన్ని రెండు చేయాలి.

సేకరణ సంఖ్యను కూడా గుడ్డిగా నమ్మకూడదు. కొందరు అడవిలోనే అంకె వేస్తారు. మరికొందరు ఇంటికొచ్చాక, మొక్కలను కుటుంబాలవారీగా సర్దుకుని అప్పుడు వేస్తారు. రెండో రకం వాళ్ల అంకెలకూ తేదీలకూ సంబంధం ఉండదు. ఎవరు ఏ రకమో తేల్చడం కష్టం కాదు. సందేహం లేని 37 తేదీలను మాత్రమే తీసుకుని, అంకెతో పాటు తేదీ కూడా పెరుగుతోందా అని చూస్తే సరి. పెరుగుతుంటేనే ఈ సాక్షిని పిలవాలి.

మూడో పరీక్ష కూడా ఉంది. నాకు ఇది అన్నిటికన్నా ఇష్టమైనది, ఎందుకంటే దీనికి ఏ లేబుల్‌నూ విడిగా చూడనక్కర్లేదు. మన సేకర్త నవంబరు నుంచి ఏప్రిల్ దాకా మాత్రమే అడవులకు వెళ్లేవాడనుకుందాం. సందేహం లేని తేదీలు ఆ సంగతి చెప్పేస్తాయి, నెలలన్నీ ఆ ఆరింటిలోనే ఉంటాయి. సందేహం ఉన్న తేదీలకు మనం సరైన క్రమం వేసి ఉంటే, వాటి నెలలు కూడా ఆ ఆరింటిలోనే పడాలి. క్రమం తిరగబడితే ఏమవుతుంది? అప్పుడు నెల స్థానంలో నిజానికి రోజు సంఖ్య ఉంటుంది. రోజు సంఖ్యలకు రుతువు లేదు. 1 నుంచి 12 దాకా సమానంగా చెదిరి ఉంటాయి. అందుచేత తిరగబడ్డ తేదీల్లో సగం మే నుంచి అక్టోబరు మధ్య పడతాయి, జోరువానల్లో ఆయన అడవిలో ఉన్నట్టు కనిపిస్తుంది. అదే సమయంలో రోజు స్థానంలో 11, 12, 1, 2, 3, 4 మాత్రమే కనిపిస్తాయి. 5 నుంచి 10 దాకా ఖాళీ. ఇంత స్పష్టమైన వేలిముద్ర మరెక్కడా దొరకదు. అయితే ఏడాదంతా తిరిగిన సేకర్త విషయంలో ఈ పరీక్ష మూగబోతుంది.

ఇక సిరా దగ్గరకు వద్దాం. క్రమం గురించి ఎంత ఆలోచించినా, అంకెనే తప్పు చదివితే ప్రయోజనం లేదు. ఈ సందేహం రాకూడదనే ప్రకృతి శాస్త్రజ్ఞులు చాలామంది నెలను రోమన్ అంకెల్లో రాసేవారు. 5.iii.11 అంటే ఎవరు చూసినా మార్చి ఐదే. మంచి ఉపాయం, కాని చేతిరాతలో దానికి సొంత చిక్కులున్నాయి. ii అన్నది పైచుక్కలు పడకపోతే 11 లా కనిపిస్తుంది. ఫిబ్రవరి కాస్తా నవంబరు అవుతుంది. రోమన్ అంకెకు పైనా కిందా గీతలు గీసేవాళ్లుంటారు. ఆ గీతలు కనపడితే అది రోమన్ అని నిర్ధారణ. ఏటవాలు గీతతో విడగొట్టే అలవాటున్నవారి రాతలో 5/3 లోని ఆ గీత 1 లా కనిపించి, 513 అన్న వింత సంఖ్య పుడుతుంది. ఇంకా పాత యూరోపియన్ రాతల్లో 7ber, 8ber అని ఉంటుంది. చూడగానే ఏడో నెల, ఎనిమిదో నెల అనిపిస్తుంది. అవి సెప్టెంబరు, అక్టోబరు. లాటిన్‌లో ఆ నెలల పేర్లలోనే ఏడు, ఎనిమిది ఉన్నాయి. రోమన్లు ఒకప్పుడు మార్చి నుంచి ఏడాదిని లెక్కపెట్టేవారు.

ఇలాంటి చోట్ల ఒక్కరి కంటిని నమ్మకూడదు. ఇద్దరు ఒకరికొకరు తెలియకుండా అదే లేబుల్‌ను చదివి ఎక్కించాలి. ఇద్దరివీ కలిస్తే ముందుకు, కలవకపోతే మూడో మనిషి ఫొటో చూసి తేల్చాలి. అన్ని పత్రాలకూ ఇది సాధ్యం కాకపోతే కట్టకు కొన్ని చొప్పున చేసినా, ఆ కట్ట చేతిరాత ఎంత మొండిదో తెలుస్తుంది.

లేబుల్ రాసినవాడు, చదివినవాడు ఇద్దరూ సరిగ్గా చేశాక కూడా తేదీ పాడయ్యే చోటు ఇంకొకటుంది. అది ఎక్సెల్ లాంటి పట్టిక. ఎక్కించే మనిషి 5/3/11 అని కొడతాడు. కంప్యూటర్ అమెరికా అమరికలో ఉంటే ఎక్సెల్ దాన్ని వెంటనే మే 3గా తీసుకుంటుంది. 11ను 2011 అనుకుంటుంది. రెండంకెల సంవత్సరం 00 నుంచి 29 లోపు ఉంటే అది మామూలుగా ఈ శతాబ్దానికి వేసేస్తుంది. అంతటితో ఆగక లోపల దాన్ని ఒక సంఖ్యగా మార్చి దాచుకుంటుంది, కొట్టిన అక్షరాలు పోతాయి. తర్వాతి వరసలో 28/2/11 కొడితే? ఇరవై ఎనిమిదో నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని ముట్టుకోకుండా మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది. ఇంకా పాత పత్రం, 5/3/1888 అని కొడితే, 1900కు ముందున్న తేదీ దానికి తెలియదు కాబట్టి అదీ అక్షరాలుగానే ఉండిపోతుంది. దీని ఫలితం విచిత్రంగా ఉంటుంది: ఒకే నిలువు వరసలో 1900 తర్వాతి వాటిలో మొదటి 12 రోజుల తేదీలు తిరగబడి, మిగతావి సరిగ్గా ఉంటాయి. సగటు చూసేవాడికి ఏమీ కనపడదు.

పట్టుకోవడం మాత్రం సులువే. ఎక్సెల్ తేదీగా తీసుకున్నవి గడిలో కుడివైపు అంటుకుని ఉంటాయి, అక్షరాలుగా వదిలేసినవి ఎడమవైపు. ఒక నిలువు వరసలో ఈ రెండూ కలగలిసి, 1900కు ముందువి మినహా ఎడమవైపు వాటిలో ప్రతి రోజూ 12 దాటి ఉంటే జరిగిన ప్రమాదం అదే. ఆ పట్టికను వాడటం ఆపి, ఫొటోల నుంచి మళ్లీ చదవాలి. రాకుండా చూసుకోవాలంటే, మొదటి అంకె కొట్టకముందే ఆ నిలువు వరసను అక్షరాల వరసగా మార్చి పెట్టాలి. నేను అంతకన్నా ఒక అడుగు ముందుకు వెళ్లమంటాను: రోజు, నెల, సంవత్సరం మూడు వేర్వేరు గడుల్లో ఎక్కించేలా చేయాలి, లేబుల్ మీద ఎలా ఉందో అలా ఉన్నది ఉన్నట్టు రాసే గడి మరొకటి ఉండాలి.

సంవత్సరం మాటకొస్తే, 11 అన్నది 1811, 1911, 2011లో ఏదో చెప్పేది సేకర్త జీవితం. ఆయన ఎప్పుడు పుట్టాడు, ఎప్పుడు పోయాడు, ఆ ప్రాంతంలో ఏ ఏళ్లలో ఉన్నాడు అన్నవి దొరికితే శతాబ్దం దానంతటదే తేలుతుంది. ఒక్కోసారి రోజు-నెల చిక్కు కూడా దీనితోనే విడిపోతుంది. ఐజాక్ హెన్రీ బర్కిల్ 1911 చివర మొదలైన అబోర్ దండయాత్రతో పాటు ఈశాన్య హిమాలయ పాదాలకు వెళ్లి మొక్కలు సేకరించాడు. ఆ యాత్ర 1912 వసంతానికి ముగిసింది. అలాంటి యాత్ర లేబుల్ మీద 8.1.12 అని ఉంటే జనవరి 8 యాత్ర నడుమ పడుతుంది, ఆగస్టు 1 యాత్ర ముగిసి నెలలు గడిచాక పడుతుంది. వరస సంఖ్య అక్కర్లేకుండానే తేలిపోయింది.

ఇంతటి సాక్షులున్నప్పుడు మొక్క పూత కాలాన్నే ఎందుకు అడగకూడదని అనిపించవచ్చు. మోదుగ పూలు ఎండాకాలం మొదట్లో పూస్తాయి. పూతతో ఉన్న మోదుగ కొమ్మ లేబుల్ మీద 3.9 ఉంటే మార్చి 9 అనుకోవడం సహజమే కదా? సహజమే, కాని చేయకూడదు. రేపు ఎవరో ఈ తేదీలన్నీ తీసుకుని మోదుగ ఎప్పుడు పూస్తోందో, నూరేళ్లలో మార్పు వచ్చిందో లేదో చూస్తారు. ఆ తేదీల్లో కొన్నింటిని మనం మోదుగ మామూలుగా ఎప్పుడు పూస్తుందో అన్న జ్ఞానంతోనే నిర్ణయించి ఉంటే, వాళ్లకు మన ఊహే తిరిగి ఫలితంగా కనిపిస్తుంది. అకాలంలో పూసిన కొమ్మ, అంటే నిజంగా విలువైన సాక్ష్యం, మన చేతిలోనే మామూలు కొమ్మగా మారిపోతుంది. పూత కాలాన్ని అనుమానం లేవనెత్తడానికి వాడండి. మళ్లీ ఫొటో తెరవడానికి అది మంచి కారణం. తీర్పు చెప్పడానికి మాత్రం వాడవద్దు. తేదీని తేల్చే సాక్ష్యం చేతిరాత నుంచి, అంకెల వరస నుంచి, ప్రయాణం నుంచి రావాలి.

వీటన్నిటికన్నా గట్టి సాక్షి ఇంకొకడున్నాడు, వాడు మాత్రం వేరే ఊళ్లో ఉంటాడు. సేకర్త ఒకే అంకెతో మూడు నాలుగు నకళ్లు చేసి ఒకటి కోల్‌కతాలో ఉంచి, ఒకటి లండన్‌లోని క్యూకు, ఒకటి ఎడిన్‌బరోకు పంపి ఉండవచ్చు. వాటిలో ఏదో ఒక లేబుల్ మీద నెల పేరు అక్షరాల్లో ఉంటే అన్నిటికీ తేదీ దొరికినట్టే. ఆ హెర్బేరియాల ఫొటోలు ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూడవచ్చు. సేకర్త పేరు, అంకె రెండూ కలిస్తేనే నకలుగా తీసుకోవాలి, అంకె ఒక్కటే చాలదు.

ఇప్పుడు రాయడం. అంతర్జాతీయంగా తేదీ రాయడానికి 1988లో వచ్చిన ISO 8601 పద్ధతిలో సంవత్సరం, నెల, రోజు పెద్దదాని నుంచి చిన్నదానికి వరసగా ఉంటాయి: 1911-03-05. ఇందులో క్రమం ఒక్కటే, సందేహానికి చోటు లేదు. ఇలా రాసిన తేదీలను మామూలు అక్షరక్రమంలో పేర్చినా కాలక్రమంలోనే నిలబడతాయి. జీవజాతుల రికార్డులకు ప్రపంచమంతా వాడే డార్విన్ కోర్ అన్న పద్ధతిలో దీనికి eventDate అన్న గడి ఉంది. దాని పక్కనే verbatimEventDate అన్న ఇంకో గడి ఉంది. లేబుల్ మీద 5.3.11 అని ఉంటే చుక్కలతో సహా అందులో అదే ఉండాలి. మొదటి గడిలో ఉన్నది మన నిర్ణయం, రెండో గడిలో ఉన్నది లేబుల్. రెండోది లేకుండా మొదటిది రాయడం అంటే సాక్ష్యాన్ని చించేసి తీర్పు మాత్రం దాచుకోవడం.

కంప్యూటర్‌తో ఈ పని మొదలుపెట్టేటప్పుడు దానిచేత తీర్పు చెప్పించకూడదు. సాధ్యమైన చదువులన్నీ చెప్పించాలి. పైథాన్‌లో ఇది చిన్న పనే:

```
from datetime import date

def readings(a, b, year):
    out = set()
    for d, m in ((a, b), (b, a)):
        try:
            out.add(date(year, m, d).isoformat())
        except ValueError:
            pass
    return sorted(out)
```

readings(28, 2, 1911) అడిగితే ఒక్క తేదీ వస్తుంది. readings(5, 3, 1911) అడిగితే రెండు వస్తాయి. ఏదీ రాకపోతే అంకెను చదవడమే తప్పు. ఈ మూడు గుంపులుగా కట్ట విడిపోయాక, రెండు తేదీలు వచ్చిన గుంపును మాత్రమే పైన చెప్పిన సాక్షుల దగ్గరకు తీసుకెళ్లాలి. ఏ సాక్షి చెప్పాడో eventRemarks గడిలో ఒక్క వాక్యంలో రాయాలి: అదే చేతిరాతలోని 37 లేబుళ్లు రోజు ముందు రాశాయి, అంకెల వరస కూడా కుదిరింది అని.

చివరికి కొన్ని మిగిలిపోతాయి. సేకర్త ఎవరో తెలియదు, అంకె లేదు, ఆ చేతిరాతలో మరో లేబుల్ లేదు. వాటికి ఏం రాయాలి? చాలామంది రెండు తేదీల మధ్య కాలాన్ని విరామంగా రాస్తారు: 1911-03-05/1911-05-03. ఇది తప్పు మాట చెబుతుంది. మార్చి 5 నుంచి మే 3 దాకా ఏ రోజైనా కావచ్చని దాని అర్థం. మనకు తెలిసింది అది కాదు. ఆ రెండు రోజుల్లో ఒకటి, మధ్యలోవి ఏవీ కావు. 2019లో వచ్చిన ISO 8601-2లో దీనికి సరైన రాత ఉంది: [1911-03-05,1911-05-03]. చదరపు కుండలీకరణాలకు అర్థం, వీటిలో ఏదో ఒకటి అని. దీన్ని అర్థం చేసుకోలేని డేటాబేస్‌లు ఇంకా చాలా ఉన్నాయి. వాటిలో eventDate గడిలో 1911 అని సంవత్సరం ఒక్కటే రాసి, కుండలీకరణాల రాతను eventRemarks గడిలో ఉంచడం మేలు. సంవత్సరం ఒక్కటే ఉన్న పత్రాన్ని పూత కాలాన్ని లెక్కించే పరిశోధకుడు పక్కన పెడతాడు, అది అతనికి నష్టం కాదు. ఆ మొక్క ఆ ఊళ్లో ఉండేదని చెప్పాలనుకున్న మరో పరిశోధకుడికి సంవత్సరం చాలు.

ఈ మిగులు కూడా శాశ్వతం కాదు. సేకర్తల క్షేత్ర డైరీలు, వాళ్లు ఇంటికి రాసిన ఉత్తరాలు, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్లారో చెప్పే ప్రయాణ పట్టికలు పాత గ్రంథాలయాల్లో ఇంకా బయటపడుతూనే ఉన్నాయి. అలాంటి డైరీ ఒకటి దొరికి, మార్చి 5న ఆ మనిషి ఆ ఊళ్లో ఉన్నాడని తేలితే, eventRemarks గడిలో కుండలీకరణాల్లో వేచి ఉన్న రెండు తేదీల్లో ఒకటి eventDate గడిలోకి వెళ్తుంది. పక్కన డైరీ పేరు, పుట సంఖ్య చేరతాయి. verbatimEventDate గడిలో మాత్రం 5.3.11 అలాగే ఉంటుంది.